శివాలయం వేళలు మారుతున్నాయని పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలి: ప్రాజెక్టు డైరీ

జనవరి 9, శుక్రవారం

మా ఊరి శివాలయం ముందు వీధిలో సంక్రాంతి వెళ్ళగానే పని మొదలవుతుంది. ముందు రెండు పక్కలా డ్రెయిన్లు, తర్వాత సిమెంటు రోడ్డు. రోడ్డు రావడం సంతోషమే, ఏళ్ళ తరబడి అందరం అడుగుతున్నదే. కానీ రోజూ గుడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది డెబ్భై దగ్గరపడ్డవాళ్ళు, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండో కన్ను ఇంకా మిగిలినవాళ్ళు. తూర్పు గుమ్మం ముందు కందకం తవ్వి ఉంటే వాళ్ళకి గుడి మూసేసినట్టే లెక్క. అందుకని కమిటీవాళ్ళు దర్శనం వేళలు మార్చాలనుకున్నారు. నోటీసు రాయించి అది అందరికీ అందేలా చూసే పని నాకిచ్చారు. ఎప్పటిదప్పుడు ఇక్కడ రాసి పెడతాను, ఇంకో ఊళ్ళో ఇదే పని మీద పడినవాళ్ళకి అక్కరకొస్తుంది.

నోటీసు కంటే ముందు వేళలు తేలాలి. ఇప్పుడు గుడి పొద్దున ఐదున్నరకి తెరిచి పదకొండున్నరకి కడతారు, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర. ఈ రోజు మేస్త్రీతో వీధిలోనే నిలబడి మాట్లాడాను. జేసీబీ పొద్దున ఎనిమిదికి వస్తుంది, సాయంత్రం ఐదుకి ఆగుతుంది, ఆదివారం పని ఉండదు అన్నాడు. నేను ఊహించని సంగతి ఇంకోటి చెప్పాడు. గుడి గుమ్మం ముందు డ్రెయిన్ మీద వేసే స్లాబుకి సెంట్రింగ్ విప్పేదాకా దాని మీద ఎవరూ అడుగు పెట్టకూడదట. అంటే పని ఆగిపోయిన వేళల్లో కూడా తూర్పు గుమ్మం పనికిరాదు. వేళలు మార్చితే సరిపోదు, దారి కూడా మార్చాలి.

జనవరి 10, శనివారం

కమిటీలో మొదటి ఆలోచన ఏమిటంటే జేసీబీ రాకముందే దర్శనాలు అయిపోయేలా పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా పెట్టడం. వినడానికి బాగుంది. కానీ జనవరి నెలాఖరులో మా వైపు సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు, అంతవరకూ చీకటి, పైగా మంచు. తవ్వి పోసిన వీధి పక్కన చీకట్లో డెబ్భై ఏళ్ళ మనిషిని నడిపించడం ఏ లెక్కన చూసినా తప్పు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చలిలో ఐదింటికి లేచి కదలడమే కష్టం. అర్చకులు గారు కూడా ఇదే అన్నారు. "స్వామికి అభిషేకం నేను నాలుగున్నరకైనా చేస్తానండి, ఆ మామ్మగార్లని మాత్రం వెలుతురు వచ్చాకే రమ్మనండి" అని.

మేస్త్రీని మళ్ళీ అడిగాం. గుడి పక్క భాగంలో తవ్వకం మాత్రం తొమ్మిది తర్వాత మొదలుపెట్టుకోండి, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా వీధి అవతలి చివర పని చూసుకోండి అని. ఒప్పుకున్నాడు, అతనికి అందులో నష్టమేమీ లేదు. దాంతో పొద్దున ఏడు నుంచి తొమ్మిది. సాయంత్రం జేసీబీ ఆగగానే, ఐదు నుంచి ఏడు.

అన్నీ పూర్తి గంటలు కావడం కావాలనే చేశాం. గుడి మైకు హారన్ పాతది, మండపంలో మాట మార్మోగుతుంది. ఆరున్నర, ఏడున్నర, ఎనిమిదిన్నర అంటే చెవి మందగించిన వాళ్ళకి చివర్లో "న్నర" ఒక్కటే మిగులుతుంది, మొదటి భాగం కలిసిపోతుంది. వయసుతో చెవికి ముందు తగ్గేది సన్నటి ధ్వనులే, మాట వినిపిస్తుంది కానీ ఏ మాటో తేలదు. పూర్తి గంటలు చెబితే ఆ బాధ తక్కువ, గోడ గడియారం చూసుకోవడమూ తేలిక.

కొన్ని వేళలు మన చేతిలో ఉండవు, అవి ముందే చూసుకోవాలి. మాఘమాసం 19వ తేదీనే మొదలు. 30వ తేదీ శుక్రవారం ప్రదోషం, అది సూర్యాస్తమయంతో ముడిపడ్డది, కమిటీ తీర్మానంతో జరిగేది కాదు. ఆ రోజుల్లో మాకు ఆరు లోపే పొద్దు గూకుతుంది కాబట్టి ఐదు నుంచి ఏడులో సరిగ్గా ఇమిడింది. 25వ తేదీ రథసప్తమి ఆదివారం పడింది. జిల్లేడాకుల స్నానం, పాలు పొంగించడం అన్నీ ఇంటి దగ్గరే కదా, గుడికి ఏడింటికి వచ్చినా లోటు లేదని అర్చకులు గారు చెప్పారు. సోమవారం అభిషేకాలకి గోత్రనామాలు ఇచ్చేవాళ్ళని కూడా ఆ ఏడు గంటలకే కూర్చోబెడతారు.

ఆదివారం పని ఉండదుగా, ఆ ఒక్కరోజు పాత వేళలే ఉంచుదామని ఒకరన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. వారంలో ఆరు రోజులు ఒకటి, ఏడో రోజు ఇంకోటి అంటే గుర్తుపెట్టుకోవాల్సినవి రెండవుతాయి, రెండూ కలిసిపోతాయి. పైగా ఆదివారమైనా కందకం కందకమే. అన్ని రోజులకీ ఒకటే వేళ అని తేల్చారు.

జనవరి 11, ఆదివారం

ఈ రోజంతా పడమర గుమ్మం దగ్గరే. వెనక సందులోంచి వచ్చే చిన్న గుమ్మం అది, ఉత్సవాలప్పుడు సామాన్లు తెచ్చుకోవడానికి తప్ప తియ్యరు. మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. గోడకి ఇనప గొట్టం బిగించడానికి వెల్డింగ్ అతను రేపు వస్తానన్నాడు. సందులో ఆటో పట్టదు, వాటర్ ట్యాంకు దగ్గర దిగి నడవాలి, మధ్యలో కూర్చోవడానికి ఒక ఇంటివాళ్ళు వాళ్ళ అరుగు వాడుకోమన్నారు.

అసలు సమస్య లోపల వచ్చింది. మా గుళ్ళో స్వామి తూర్పు ముఖం, సోమసూత్రం ఉత్తరం వైపు. అభిషేకం నీళ్ళు బయటికొచ్చే ఆ కాలువని దాటకూడదని శివాలయాలకి వెళ్ళే పెద్దవాళ్ళందరికీ తెలుసు. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారు, చండి ప్రదక్షిణ అనేది అదే. ఇప్పుడు పడమర గుమ్మంలోంచి లోపలికి వచ్చి, ప్రదక్షిణ ఎటు చేస్తామో అటే నడిస్తే ఉత్తరం వైపు వెళ్తారు, నేరుగా సోమసూత్రం దగ్గర ఆగిపోతారు. దాటలేరు, వెనక్కి వస్తే వచ్చేవాళ్ళు ఎదురు. ఆ ఇరుకులో తోపులాట జరిగితే పడేది పెద్దవాళ్ళే. ఇటు దక్షిణం వైపు నడిస్తే దారి శుభ్రంగా ఉంది, వంటశాల పక్కనుంచి ధ్వజస్తంభం దగ్గరికి వచ్చేస్తారు, కానీ "అప్రదక్షిణంగా నడవమంటారా" అని అడగకుండా ఉండరు. నాకు తెలిసిన ఇద్దరు మామ్మగార్లయితే ఆ ఒక్క కారణానికి ఇంట్లోనే ఉండిపోతారు.

అర్చకులు గారిని అడిగితే ఆయన తేలిగ్గా తీర్చేశారు. గుమ్మం నుంచి నంది దగ్గరికి రావడం నడక మాత్రమే, ప్రదక్షిణ కాదు. నందికి దణ్ణం పెట్టుకున్నాక ఎప్పటిలాగే ప్రదక్షిణ మొదలుపెట్టుకోవాలి. దోషం లేదు. ఈ మాట నోటీసులో పట్టదు, ఆయన నోటితోనే మైకులో చెప్పాలి, నేను చెబితే నమ్మకం కుదరదు. నోటీసులో మాత్రం "లోపలికి రాగానే కుడి చేతి వైపు నడవండి" అని వస్తుంది. పడమర గుమ్మంలో తూర్పు చూస్తూ అడుగుపెడతారు కాబట్టి దక్షిణం కుడిచేతి వైపే. దిక్కు పేరు కంటే చెయ్యి పేరు చెప్పడం మేలు, తెలియని గుమ్మంలోంచి వచ్చినప్పుడు ఎంత అలవాటున్న గుడిలోనైనా దిక్కులు ఒక నిమిషం తికమకపడతాయి.

జనవరి 12, సోమవారం

కమిటీ ఫైల్లో నోటీసులకి ఒక నమూనా ఉంది, ప్రతిసారీ అదే వాడతారు. దాని ప్రకారం రాస్తే ఇలా వచ్చింది:

> భక్తులకు విజ్ఞప్తి. ఆలయము ముందు భాగమున రహదారి నిర్మాణ పనులు జరుగుచున్నందున ది. 19-01-2026 నుండి తదుపరి ప్రకటన వెలువడు వరకు ఉదయం 9 గం.ల నుండి సాయంత్రం 5 గం.ల వరకు దర్శనములు నిలుపుదల చేయడమైనది. కావున భక్తులు సహకరించవలసినదిగా కోరడమైనది.

తప్పులేమీ లేవు, మర్యాదగా ఉంది. దీన్నే పెద్ద అక్షరాలతో కాగితం మీద ప్రింటు తీసి, సోమవారం కదా, అభిషేకానికి వచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చూపించాను. చదివాక "అర్థమైందా" అని అడగకూడదు. ఆ ప్రశ్నకి మనవాళ్ళెవరూ లేదనరు, ఎదుటివాళ్ళని నొప్పించడం ఇష్టం ఉండదు. "అయితే వచ్చే సోమవారం ఎన్నింటికి వస్తారు? ఎటువైపు నుంచి వస్తారు?" అని అడగాలి. వాళ్ళ నోటితో వేళ బయటికి రావాలి.

రిటైరైన టీచరు గారొకరు చదివి "తొమ్మిదికి వస్తాను బాబూ" అన్నారు. ఆయన పక్కనే ఉన్న పెద్దాయన "తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా పెట్టారు, మంచిదే" అన్నారు. ఇంకొకావిడ అంకెలు మాత్రమే చదివారు, ఆవిడా అదే జవాబు. ఎటువైపు నుంచి అంటే అందరూ ముందు గుమ్మమే అన్నారు.

ఎందుకలా జరుగుతోందో కాగితం చూస్తే తెలుస్తుంది. కంటికి మొదట దొరికేవి అంకెలు, 9, 5. ఆఫీసులకి, బ్యాంకులకి, దుకాణాలకి అందరికీ తెలిసిన పనివేళల్లా ఉన్నాయి కాబట్టి తెరిచి ఉండే వేళలే అనుకుంటారు. మన వాక్యంలో అవునో కాదో తేల్చే మాట చిట్టచివర వస్తుంది. "నిలుపుదల చేయడమైనది" అనే మాట రెండు వరుసల కింద ఎక్కడో ఉంది, కళ్ళు అలిసినవాళ్ళు అక్కడిదాకా పోరు, పోయినా "దర్శనములు" అనే మాటతోనే ఆగిపోతారు. దీన్ని సరిచేయడానికి అక్షరాలు పెంచి లాభం లేదు. గుడి మూసి ఉండే వేళలు రాయడమే మానేసి, తెరిచి ఉండే వేళలు మాత్రమే రాయాలి. లేనిదాన్ని చెప్పే వాక్యం ఒక్కటీ ఉండకూడదు.

పాత వేళలు కూడా ఉండకూడదు. "5:30 బదులుగా 7" అని రాస్తే రెండు అంకెలు కనిపిస్తాయి, అలవాటైన అంకే మనసులో నిలుస్తుంది.

జనవరి 13, మంగళవారం

కొత్త పాఠం ఇది. దీని మీద రాత్రి చాలాసేపు కూర్చున్నాం, అధ్యక్షులు గారు కూడా ఉన్నారు.

> శివాలయం దర్శనం వేళలు
>
> పొద్దున 7 నుంచి 9 దాకా
>
> సాయంత్రం 5 నుంచి 7 దాకా
>
> జనవరి 19 సోమవారం నుంచి ఫిబ్రవరి 8 ఆదివారం దాకా, అన్ని రోజులూ ఇవే వేళలు
>
> పడమర గుమ్మం నుంచి రండి. ఆటో వాటర్ ట్యాంకు దగ్గర దిగండి.
>
> లోపలికి రాగానే కుడి చేతి వైపు నడవండి.
>
> స్వామివారి పూజలు, నైవేద్యం రోజూ మామూలే.

"భక్తులకు విజ్ఞప్తి" తీసేస్తే మర్యాద తగ్గుతుందేమోనని అధ్యక్షులు గారికి బెంగ. "రండి", "దిగండి", "నడవండి" అన్నీ మర్యాదగానే ఉన్నాయి కదండీ అన్నాను, ఒప్పుకున్నారు. కారణం ఎక్కడా రాయలేదేమిటని అడిగారు. రోడ్డు పని ఊరందరికీ కళ్ళముందు కనిపిస్తుంది, నోటీసులో ఆ వాక్యం ఒక వరుస తినేస్తుంది. ఆ వరుస ఇంకో దానికి కావాలి.

ఆ ఇంకోటి చివరి వాక్యం. నిన్న పాత పాఠం చూపించినప్పుడు ఒక మామ్మగారు వేళల సంగతి వదిలేసి "మధ్యాహ్నం మహానైవేద్యం మానేస్తారా, స్వామిని పస్తు పెడతారా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మనకి దర్శనం వేళ, పూజ వేళ వేరువేరని తెలుసు. గుడి కట్టేసి ఉందంటే ఆవిడకి లోపల ఏమీ జరగనట్టే. మధ్యాహ్నం భక్తులు ఉండరు, అంతే, అర్చకులు గారు లోపల అన్నీ చేస్తారు. ఆ మాట రాసి తీరాలి, లేకపోతే వేళలు ఎంత బాగా చెప్పినా బాధ మిగులుతుంది.

తేదీ గురించి పెద్ద చర్చ జరిగింది. రోడ్డు పని చెప్పిన రోజుకి అయిపోవడం అరుదు, అందుకే నోటీసుల్లో "తదుపరి ప్రకటన వెలువడు వరకు" అని వేస్తారు. దానివల్ల చదివేవాళ్ళకి పట్టు దొరకదు, నాలుగు రోజులకోసారి ఎవరినో అడుగుతూ ఉంటారు, ఎవరో తెలియక "అయిపోయిందనుకుంటా" అంటారు. అలాగని పని అయ్యే తేదీ మనం ఎలా చెప్పగలం? అందుకని ఫిబ్రవరి 8 అని పెట్టాం. పని పూర్తయ్యే రోజు కాదది, ఈ వేళలు అప్పటిదాకా ఖాయం అని మాత్రమే. 7వ తేదీ శనివారం సాయంత్రం హారతి అయ్యాక ఆ తర్వాతి వేళలు మైకులో చెబుతాం. పని ముందే అయిపోయినా 8 దాకా వేళలు మార్చం.

ఇదే పాఠం మళ్ళీ చూపించి అదే ప్రశ్న అడిగాను. టీచరు గారు "పొద్దున ఏడుకి, ట్యాంకు సందులోంచి" అన్నారు. అంకెలు మాత్రమే చదివే ఆవిడ "ఏడు, తొమ్మిది" అన్నారు, పొద్దునో సాయంత్రమో తేలలేదు. దానికి ఒక ఉపాయం దొరికింది, పొద్దున వరుస పక్కన ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ, సాయంత్రం వరుస పక్కన దీపం బొమ్మ. ఆవిడ దీపం మీద వేలు పెట్టి "ఇది దీపాల వేళకి" అన్నారు.

జనవరి 17, శనివారం

కనుమ నిన్నటితో అయిపోయింది, ఫ్లెక్సీ షాపు ఈ రోజు తెరిచారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి.

మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగు. చాలా డీటీపీ షాపుల్లో డిజైన్ చేసేది అను ఫాంట్లతో, అంటే ఆ పాఠాన్ని మార్చాలి లేదా మళ్ళీ కొట్టాలి. కొట్టేటప్పుడు అంకెలు తారుమారవుతాయి, వత్తులు జారిపోతాయి. మాకు వచ్చిన మొదటి ప్రూఫులో ఫిబ్రవరి 8 బదులు 6 అని పడింది. ప్రూఫుని ఫోన్లో చూసి సరే అనకుండా షాపుకి వెళ్ళి స్క్రీన్ మీద ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదవాలి, ఇంకొకరు కాగితం చూస్తూ వినాలి.

రంగుల విషయంలో షాపతను ఎర్ర నేల మీద పసుపు అక్షరాలు, వెనకాల నీలం కైలాసం వేస్తానన్నాడు. వయసుతో కంటి లెన్సు పసుపురంగుకి తిరుగుతుంది, నీలానికీ ఆకుపచ్చకీ తేడా తగ్గిపోతుంది, ముదురు రంగుల మీద అక్షరం అంచులు కరిగిపోయినట్టు ఉంటాయి. లేత పసుపు నేల, నల్ల అక్షరాలు, వెనకాల ఏమీ వద్దన్నాం. శివుడి బొమ్మ పైన ఒక మూల చిన్నది. కమిటీ ఫొటోలు, దాతల ఫొటోలు లేవు. దీనికి కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, చివరికి అధ్యక్షులు గారే "నా ఫొటో తీసెయ్యండి, ఆ చోటు అంకెలకివ్వండి" అనడంతో మిగిలినవాళ్ళూ సరేనన్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది.

అక్షరం సైజుకి బోర్డులు రాసేవాళ్ళ లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. అది మంచి చూపున్నవాళ్ళ లెక్క, పైగా తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఎత్తులో సగం వాటికే పోతుంది. మేము రెట్టింపు పెట్టుకున్నాం. సందు మొదట్లోంచి చూస్తే ఇరవై అడుగులు, అందుకని అంకెలు నాలుగు అంగుళాలు, మిగతావి రెండు. బాగా లావు ఫాంటు వద్దన్నాం, లావు ఎక్కువైతే అక్షరాల్లో ఉండే ఖాళీలు మూసుకుపోయి అన్నీ నల్ల ముద్దల్లా కనిపిస్తాయి. వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ బాగా ఇప్పించాం, పై వరుస వత్తులు కింది వరుస తలకట్లకి తగలకూడదు.

తేదీల వరుస కింద ఖాళీగా ఒక తెల్లని పట్టీ వదిలాం. తేదీ పొడిగించాల్సి వస్తే అంత ముక్క మాత్రమే ప్రింటు చేసి అతికించవచ్చు, మొత్తం మార్చితే మళ్ళీ కొత్త నోటీసు అనుకుని వేళలు కూడా మారాయేమోనని కంగారుపడతారు.

జనవరి 18, ఆదివారం, అమావాస్య

ఫ్లెక్సీలు కట్టాం, ఒకటి మూసేసే తూర్పు గుమ్మానికి, ఒకటి ట్యాంకు దగ్గర సందు మొదట్లో, ఒకటి లోపల తీర్థం ఇచ్చే చోట. మామూలుగా స్తంభానికి పది అడుగుల ఎత్తున కడతారు. మెడ ఎత్తి చూడలేనివాళ్ళకి అది పనికిరాదు. బోర్డు మధ్యభాగం నేలకి నాలుగున్నర, ఐదు అడుగుల ఎత్తులో వచ్చేలా గోడకే కట్టాం. పొద్దున ఎండ నేరుగా పడి మెరిసే చోటు నుంచి ఒకదాన్ని పక్కకి జరిపాం.

మైకు సంగతి. హారతి జరుగుతున్నప్పుడు గంటల మోతలో చెప్పి లాభం లేదు. తీర్థానికి వరుసలో నిలబడ్డప్పుడు అందరూ కదలకుండా ఉంటారు, అప్పుడు చెప్పాలి. బయట హారన్లు ఆపేసి లోపలి బాక్సులు మాత్రమే పెట్టాం, మార్మోగడం తగ్గింది. అర్చకులు గారు నిదానంగా, ఒక్కో వాక్యం తర్వాత ఆగుతూ చెప్పారు. "పొద్దున ఏడు. పొద్దున ఏడు గంటలకి గుడి తీస్తాం." వేళని రెండుసార్లు, మిగతావి ఒకసారి. తర్వాత సోమసూత్రం సంగతి ఆయన మాటల్లోనే, "పడమర గుమ్మం నుంచి కుడి చేతి వైపు నందీశ్వరుడి దగ్గరికి రండి, అది ప్రదక్షిణ కాదు, ఏ దోషమూ లేదు, నేను చెబుతున్నాను" అని. వరుసలో ఒక తాతగారు పైకే "హమ్మయ్య" అన్నారు.

అదే గొంతుతో అర నిమిషం ఆడియో కూడా రికార్డు చేశాం. ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో పెడితే చిన్న ఫోన్లో ఎవరికీ కనపడదు, చదివి చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండకపోవచ్చు. ఆడియో అయితే నొక్కితే చాలు, అర్చకులు గారి గొంతు గుర్తుపడతారు. ఆయన మొదటి వాక్యంలోనే "జనవరి 19 నుంచి ఫిబ్రవరి 8 దాకా" అని చెప్పేలా చూశాం. ఇలాంటి ఆడియోలు నెలల తరబడి ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతాయి, తేదీ లోపల లేకపోతే పని అయిపోయాక కూడా జనాన్ని ఏడింటికే రప్పిస్తాయి.

ఫోను లేనివాళ్ళు, కొన్నాళ్ళుగా గుడికి రానివాళ్ళు ఎవరని పూలమ్మే ఆవిడని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, ఎవరెవరు ఏ పూలు తీసుకుంటారో ఆవిడకే తెలుసు. వాళ్ళిళ్ళకి పులిహోర పొట్లంతో పాటు వేళలు రాసిన చిన్న చీటీ పంపించాం. ట్యాంకు దగ్గర ఆటోవాళ్ళకి కూడా చెప్పాం, ముందు వీధిలోకి ఎక్కించుకుని పోయి మధ్యలో దింపెయ్యకుండా.

జనవరి 20, మంగళవారం

నిన్న మొదటి రోజు. ఆరు గంటల నుంచి తూర్పు గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి నిలబెట్టాం. పాత వేళకి వచ్చేసినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఆదివారం గుడికి రానివాళ్ళు, వాట్సాప్ లేనివాళ్ళు. వాళ్ళ పేర్లు రాసుకుని సాయంత్రమే చీటీలు పంపాం. దారి తప్పినవాళ్ళు తక్కువ, ఆటోవాళ్ళే చాలామందిని సరిగ్గా దింపారు.

పడమర గుమ్మం లోపల మాత్రం ఇద్దరు అలవాటుగా ఎడమకి తిరిగారు. బోర్డు బయట ఉంది, లోపలికొచ్చాక గుర్తుండలేదు. గుమ్మం దాటగానే కనపడేలా ఎడమవైపు దారికి అడ్డంగా అరటి పిలకలు కట్టి, కుడివైపు నేలమీద పసుపు కుంకుమలతో ముగ్గు గీతలు వేయించాం. ఈ రోజు ఎవరూ ఎడమకి పోలేదు. చదవాల్సిన అవసరం లేకుండానే ముగ్గు వెంబడి నడిచి వచ్చేశారు.

సాయంత్రం దుమ్ము సమస్య ఉంది. ఐదింటికి జేసీబీ ఆగినా అరగంట దాకా గాల్లో మట్టి, ఆయాసం ఉన్నవాళ్ళకి ఇబ్బంది. నాలుగున్నరకి వీధిలో నీళ్ళు కొట్టమని మేస్త్రీకి చెప్పాం.

ఫిబ్రవరి 7, శనివారం

గుమ్మం ముందు స్లాబు అయిపోయింది, కానీ దాని వల్ల దారి తెరుచుకోలేదు. రోడ్డు సగం వెడల్పు జనవరి 31న పోశారు, రెండో సగం ఇంకా పొయ్యలేదు. పోసిన సగం మీద చిన్న మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టారు, కాంక్రీటు రెండు వారాలైనా తడిగా ఉండాలి. పైన చూస్తే గట్టి రోడ్డులా ఉంటుంది, కుర్రాళ్ళు గట్ల మీద నడిచిపోతున్నారు కూడా. పెద్దవాళ్ళకి అది జారే నేల. తూర్పు గుమ్మం ఇప్పుడే తీస్తే ఒక్కరైనా పడతారు.

అందుకని ఈ రోజు హారతి తర్వాత, ముందే మాటిచ్చినట్టు, మైకులో చెప్పాం. ఫిబ్రవరి 14 శనివారం దాకా ఇవే వేళలు, ఇదే గుమ్మం. బోర్డుల మీద తెల్ల పట్టీలో తేదీ ముక్క అతికించాం, వేళల అంకెలు కదపలేదు. పాత ఆడియో తీసెయ్యమని చెప్పి, కొత్త తేదీతో ఇంకోటి పంపాం.

15వ తేదీ ఆదివారం మహాశివరాత్రి. దానికి విడి నోటీసు రాస్తున్నాను, ఇదే పద్ధతిలో. ఆ రోజు గుడి రాత్రంతా తెరిచే ఉంటుంది, లింగోద్భవ కాలం అర్ధరాత్రి, జనం తూర్పు వైపు నుంచే వస్తారు. మొదటి సగం పోసి అప్పటికి రెండు వారాలు దాటుతుంది, నడకకి ఢోకా లేదు, బండ్లు మాత్రం రానివ్వకూడదు, వాటికి 28 రోజులు ఆగాలని ఇంజనీరు చెప్పారు. నీళ్ళు తీసేసి, గట్లు చదును చేసి, ఆ రోజుకి ఆరబెట్టి ఇస్తామన్నారు. పెద్దవాళ్ళకి మాత్రం పడమర గుమ్మం అలాగే ఉంచి, పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 12 దాకా వాళ్ళకే వదలాలని కమిటీ అనుకుంటోంది. ఆ గుమ్మం గొట్టానికి వాళ్ళ చేతులు అలవాటు పడ్డాయి, ఆ హడావుడిలో కొత్త దారి నేర్పడం మంచిది కాదు. పాఠం రెండు వరుసలే, "శివరాత్రి రోజు పెద్దవాళ్ళు పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 12 దాకా పడమర గుమ్మం నుంచి రండి" అని. రేపు టీచరు గారికీ, దీపం బొమ్మ గుర్తుపట్టిన ఆవిడకీ చూపించి ఎన్నింటికి వస్తారో అడిగి, ఆ తర్వాతే షాపుకి పంపుతాను.